సైబర్ కేసులు తెలంగాణలో 15,297, ఆంధ్రప్రదేశ్‌లో 2,341: ఈ తేడాను సోషియాలజీ వ్యాసంలో ఎలా రాయాలి?

శ్రావణి

నేను ఎంఏ సోషియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అధికారిక నేర గణాంకాలు నేరాన్ని ఎందుకు తక్కువగా చూపుతాయో చర్చించమని వ్యాసం ఇచ్చారు. బాధితులు భయపడతారు, పరువు కోసం దాస్తారు, పోలీసులను నమ్మరు, పోలీసులు కేసు కట్టరు, అందుకే చీకటి సంఖ్య పెరుగుతుంది అని నాలుగు పేజీలు రాశాను. చివర ఒక ఉదాహరణ కూడా ఇచ్చాను. జాతీయ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ, లెక్కల్లో 2022లో దేశమంతటా 65,893 సైబర్ కేసులు ఉంటే అందులో 15,297 తెలంగాణవే, ఆంధ్రప్రదేశ్‌లో 2,341 మాత్రమే. కాబట్టి తెలంగాణ సైబర్ నేరాలకు కేంద్రంగా మారింది అని ముగించాను.

మేడం ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, పక్కన ఇలా రాశారు: "మూడు పేజీల్లో ఈ లెక్కలను నమ్మకూడదన్నావు. నాలుగో పేజీలో నువ్వే నమ్మేశావు." మొదటి పేజీ పైన ఇంకో మాట: "జాబితా ఉంది, వాదన లేదు."

తప్పు అర్థమైంది. కానీ సరిచేయడం ఎలాగో తెలియడం లేదు. కారణాలు రాయకుండా ఇంకేమి రాయాలి?

గోపాలం

చీకటి సంఖ్య అంటే డార్క్ వెబ్‌లో జరిగే నేరాల సంఖ్యే కదండీ? అక్కడ ఆధార్ వివరాలు, కార్డు నంబర్లు అమ్ముతారని చదివాను. వాటి లెక్క పోలీసులకు కూడా దొరకదట. మీ వ్యాసంలో అది కూడా చేర్చండి. నా డబ్బు కూడా పోయిన ఏడాది అలాగే పోయింది, 18,500 రూపాయలు. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి సరఫరా ఆపేస్తాం అని సందేశం వచ్చింది.

అంకెల రాఘవ

గోపాలం గారూ, డార్క్ వెబ్‌కూ దీనికీ సంబంధం లేదు. జరిగినా అధికారిక పుస్తకంలోకి ఎక్కని నేరాలన్నిటినీ కలిపి చీకటి సంఖ్య అంటారు. పట్టపగలు బస్టాండులో పోయిన పర్సు కూడా అందులో ఉండవచ్చు. అయితే మీ 18,500 ఇక్కడ మాకు బాగా పనికొస్తుంది. ఫిర్యాదు చేశారా? చేస్తే ఎక్కడ, వాళ్లు ఏ కాగితం ఇచ్చారు?

గోపాలం

పొరపాటుకు మన్నించండి. డబ్బు పోయిన గంటలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేశాను. ఫిర్యాదు నంబరు ఒకటి ఫోనుకు వచ్చింది. మర్నాడు మా దగ్గరి స్టేషనుకు వెళితే ఆ నంబరు వేసి అర్జీ రాసి ఇమ్మన్నారు. ఇచ్చాను. నెల తర్వాత 6,000 తిరిగి ఖాతాలో పడ్డాయి. మిగతాది పోయినట్టే. ఎఫ్‌ఐఆర్ కాగితం అడిగితే, విచారణ చేస్తున్నాం, కావాలంటే పిలుస్తాం అన్నారు. ఇంతవరకు పిలవలేదు, నేనూ వెళ్లలేదు.

అంకెల రాఘవ

శ్రావణి గారూ, మీకు కావలసిన వాదన ఇక్కడ ఉంది. గోపాలం గారి డబ్బు పోయింది, అందులో అనుమానం లేదు. 1930 లెక్కలో ఆయన ఉన్నారు. స్టేషనులో అర్జీల దొంతరలో కూడా ఉన్నారు. ఎన్‌సీఆర్‌బీ పుస్తకంలో మాత్రం లేరు. ఆ పుస్తకం లెక్కపెట్టేది జరిగిన నేరాలను కాదు, క్రైమ్ నంబరు పడిన ఎఫ్‌ఐఆర్‌లను. స్టేషనులో నంబరు పడితే ఆ వివరం జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోకు, అక్కడి నుంచి రాష్ట్ర బ్యూరోకు, అక్కడి నుంచి ఢిల్లీకి వెళుతుంది. నంబరు పడకపోతే ప్రయాణం మొదలే కాదు.

అందువల్ల "తక్కువగా చూపుతాయి" అని ఊరుకోకండి. ఎక్కడెక్కడ, ఎంతెంత రాలిపోతుందో మెట్లు మెట్లుగా చూడండి. డబ్బు పోయిందని మనిషి గుర్తించడం ఒక మెట్టు, ఎవరికైనా చెప్పడం రెండోది, అది ఎఫ్‌ఐఆర్ కావడం మూడోది, పట్టికలో సరైన గడిలో పడటం నాలుగోది. మీ తెలంగాణ, ఆంధ్ర పోలికను ఈ మెట్ల మీద నిలబెడితే అదే వ్యాసం అవుతుంది.

విజయ్_వైజాగ్

ఇంత లోతుగా వెళ్లాలా? పోలీసులు కేసులు కట్టరని అందరికీ తెలిసిందే. నిజమైన లెక్క కావాలంటే ప్రభుత్వ లెక్కను పదితో గుణించాలి, అంతే. మా కోచింగులో కూడా ఇలాగే చెప్పారు. దొంగతనమైనా, మోసమైనా, కొట్లాట అయినా పదింట ఒకటే బయటికి వస్తుంది.

అంకెల రాఘవ

విజయ్ గారూ, మీ సూత్రానికి రెండు వందల ఏళ్ల వయసుంది. బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే పందొమ్మిదో శతాబ్దం తొలి భాగంలోనే తెలిసిన నేరాలకూ మొత్తం నేరాలకూ నిష్పత్తి దాదాపు స్థిరంగా ఉంటుందని అనుకున్నాడు. అలా అనుకోకపోతే నేర గణాంకాలతో ఏ పనీ చేయలేమని ఆయన బాధ. నిష్పత్తి నిజంగా స్థిరమైతే చీకటి సంఖ్య గురించి ఎవరూ దిగులు పడనక్కర్లేదు. ఎంత ఎక్కువ ఎంత తక్కువ అన్న పోలిక చెడదు కదా.

కానీ ఆ నిష్పత్తి నేరాన్ని బట్టి మారుతుంది. హత్యను పదితో గుణించి చూడండి. 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. దాన్ని రెండు లక్షల ఎనభై అయిదు వేలు చేస్తారా? శవం దొరికిన చోట కేసు కట్టక తప్పదు. కారు దొంగతనం తీసుకోండి. ఎఫ్‌ఐఆర్ కాపీ లేకుండా బీమా కంపెనీ పైసా ఇవ్వదు, అందుకని యజమాని పట్టుబట్టి కేసు కట్టిస్తాడు. అదే మనిషి జేబులోని రెండు వేలు పోతే స్టేషను మెట్లు ఎక్కడు. మూడు నేరాలకు మూడు గుణకాలు కావాలి. ఆ గుణకం రాష్ట్రాన్ని బట్టి కూడా మారితే మీ పది ఎక్కడ నిలుస్తుంది?

విజయ్_వైజాగ్

హత్య సంగతి ఒప్పుకుంటాను. మిగతావాటికి మాత్రం పది కాకపోతే ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది.

పాత రైటరు

నేను కోస్తా జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అందులో చాలా కాలం స్టేషన్ రైటరుగానే ఉన్నాను. ఎఫ్‌ఐఆర్ నా చేతి రాతతోనే మొదలయ్యేది, తర్వాత కంప్యూటర్ వచ్చింది. పోలీసులు కేసులు కట్టరు అని తేల్చేస్తే సగం నిజమే అవుతుంది. ఎందుకు కట్టరో చెబుతాను, అమ్మాయీ, రాసుకో.

అర్జీ వస్తే అది జనరల్ డైరీలో ఒక వరుస. ఎఫ్‌ఐఆర్ అయితే అది అప్పు. నంబరు పడిన రోజు నుంచి దాన్ని ఎవరో ఒకరు దర్యాప్తు చేయాలి, సాక్షుల వాంగ్మూలాలు రాయాలి, చివరికి చార్జిషీటు వేయాలి, లేదా ఆచూకీ దొరకలేదని కోర్టుకు చెప్పుకోవాలి. నెలనెలా క్రైమ్ మీటింగు ఉంటుంది. పోయిన ఏడాది ఇదే నెలలో ఎన్ని, ఈ నెలలో ఎన్ని, పెండింగు ఎన్ని అని పై అధికారి అడుగుతారు. పెరిగితే ఎందుకు పెరిగాయని అడుగుతారే తప్ప, బాగా నమోదు చేశావు అని మెచ్చుకోవడం నేను ఒక్కసారి కూడా వినలేదు. అలాంటప్పుడు దొరకని దొంగ కేసును ఏ ఎస్సై చేజేతులా నెత్తికెత్తుకుంటాడు? ఫోను కొట్టేశారని వచ్చినవాడి చేత "పోగొట్టుకున్నాను" అని రాయించడం అందుకే. ఒక్క క్రియాపదం మారితే దొంగతనం కాస్తా పోయిన వస్తువు అవుతుంది. నేనే రాయించాను, ఒకటి రెండు సార్లు కాదు.

2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కేసు కట్టదగిన నేరం ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని చెప్పింది. తర్వాత కొంత మారింది. అయితే కుటుంబ తగాదాలు, వ్యాపార లావాదేవీల వంటి వాటిలో ముందుగా ప్రాథమిక విచారణ చేయవచ్చని అదే తీర్పులో ఉంది. తలుపు మూసినా గడియ పెట్టలేదన్న మాట.

ఇక సైబర్ సంగతి. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద కేసును ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గనివారే దర్యాప్తు చేయాలి. పల్లె స్టేషనుకు పెద్ద ఎస్సై. ఐటీ చట్టం సెక్షన్ పెడితే ఫైలు సర్కిల్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోవాలి, ఆయన దగ్గర అప్పటికే గుట్ట ఉంటుంది. అందుకని ఒక్కోసారి ఉత్త 420 కింద మోసం కేసుగా కట్టేవాళ్లం. కేసు కట్టినట్టే, బాధితుడికి కాపీ ఇచ్చినట్టే. కానీ అది సైబర్ గడిలో పడదు, మామూలు మోసాల గడిలో పడుతుంది.

శ్రావణి

రైటరు గారూ, ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. అంటే ఆంధ్రప్రదేశ్ 2,341లో లేని కేసులు కొన్ని అదే పుస్తకంలో వేరే పట్టికలో ఉండవచ్చన్న మాట! అవి దాగినవి కావు, చోటు మారినవి.

పాత రైటరు

ఉండవచ్చు. ఎన్ని అని మాత్రం నన్ను అడగకు. నా స్టేషను సంగతే నాకు తెలుసు.

అంకెల రాఘవ

ఇప్పుడు లెక్కకు వద్దాం. 2022 కేసులు తీసుకోండి. తెలంగాణ జనాభా సుమారు 3.8 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌ది సుమారు 5.3 కోట్లు. లక్ష మందికి తెలంగాణలో దాదాపు 40 కేసులు, ఆంధ్రప్రదేశ్‌లో నాలుగున్నర లోపు. తొమ్మిది రెట్లు. జార్ఖండ్‌లోని జామ్‌తారాలోనో మరో చోటో కూర్చుని తెలుగు మాట్లాడించి మోసం చేసేవాడు జగ్గయ్యపేట దాటగానే ఫోను పెట్టేస్తాడా? హైదరాబాదులో జీతాలు ఎక్కువ, ఫోనులో చెల్లింపులు ఎక్కువ, కాబట్టి కొంత తేడా నిజంగానే ఉంటుంది. అయినా తొమ్మిది రెట్లా?

ఇక్కడ రెండో మెట్టు చూడండి. 1930కీ, జాతీయ సైబర్ పోర్టల్‌కూ వచ్చిన ఆర్థిక మోసాల ఫిర్యాదులను కేంద్ర హోంశాఖ పార్లమెంటులో రాష్ట్రాల వారీగా చెప్పింది. 2023లో తెలంగాణ నుంచి 71,426, ఆంధ్రప్రదేశ్ నుంచి 33,507. జనాభాతో భాగిస్తే తెలంగాణది మూడు రెట్లు.

ఫిర్యాదుల్లో మూడు రెట్ల తేడా కేసుల దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది రెట్లు అయింది. అంటే మిగిలిన మూడు రెట్లు ఫిర్యాదుకూ ఎఫ్‌ఐఆర్‌కూ మధ్య పుట్టాయి. ఇంకోలా చెప్పాలంటే, తెలంగాణలో ప్రతి వంద ఫిర్యాదులకు సుమారు 21 కేసులు కనిపిస్తుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 7 కనిపిస్తున్నాయి. మీరు నేరాల కేంద్రం అన్నది చాలావరకు కేసులు కట్టే కేంద్రం. 2022లో హైదరాబాద్, సైబరాబాద్, రాచకొండ కమిషనరేట్లలో విడిగా సైబర్ క్రైమ్ స్టేషన్లు ఉండేవి, వాటిలో ఇన్‌స్పెక్టర్లు ఉండేవారు. రైటరు గారు చెప్పిన 78వ సెక్షన్ చిక్కు అక్కడ లేదు.

రహీం అడ్వకేటు

రాఘవ గారి లెక్కకు రెండు అభ్యంతరాలు. ఒకటి, ఫిర్యాదులు 2023వి, కేసులు 2022వి. అదీగాక ఫిర్యాదుల లెక్క ఆర్థిక మోసాలకు పరిమితం, ఎన్‌సీఆర్‌బీ సైబర్ పట్టికలో అసభ్య చిత్రాలు, బెదిరింపులు కూడా ఉంటాయి. రెండు వేర్వేరు తక్కెళ్ల మీద తూచి శాతం తీశారు. రెండోది ఇంకా ముఖ్యం. ఫిర్యాదు అంటే నేరం కాదు. ఒకే మనిషి 1930కి ఫోను చేస్తాడు, కంగారులో పోర్టల్‌లోనూ పెడతాడు, భార్య చేతా ఇంకొకటి పెట్టిస్తాడు. ఆన్‌లైన్‌లో కొన్న చీర రంగు నచ్చలేదని పెట్టిన ఫిర్యాదును నా కళ్లతో చూశాను. అది వినియోగదారుల తగాదా. అటువైపు ఒకే ముఠా ఇరవై మందిని ముంచితే ఒక్కోసారి ఇరవై మందికీ కలిపి ఒకే ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. పోలీసు లెక్క తక్కువ చూపిస్తుందని అంటూ ఫిర్యాదుల లెక్కను నిజమైన లెక్కగా కూర్చోబెడితే, శ్రావణి గారు నాలుగో పేజీలో చేసిన తప్పే మళ్లీ చేసినట్టు.

అంకెల రాఘవ

మొదటి అభ్యంతరం న్యాయమైనదే. 21, 7 అన్నవి శాతాలుగా కాకుండా, తేడా ఏ మెట్టు దగ్గర పెరుగుతోందో చూపే ఆనవాలుగా వాడాలి. 2023లో తెలంగాణ కేసులు 18,236. అవి పెట్టుకుంటే తెలంగాణ నిష్పత్తి వందకు 25 అవుతుంది, దిశ మారదు. రెండో దానికి జవాబు: ఫిర్యాదుల లెక్క నిజమని నేను అనలేదు. రెండు తప్పు లెక్కలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకోగలవు, వాటి తప్పులు వేర్వేరు చోట్ల ఉంటే. డూప్లికేట్ ఫిర్యాదులు ఒక్క ఆంధ్రలోనే ఎక్కువ ఉంటాయని అనుకోవడానికి కారణం ఉంటే చెప్పండి, నా వాదన ఉపసంహరించుకుంటాను.

రహీం అడ్వకేటు

లేదు. కానీ లేదని కూడా మీరు చూపలేదు.

లెస్టర్ లక్ష్మి

మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండులో ఏ-లెవెల్ సోషియాలజీ చదువుతోంది, దానికి ఇదే పాఠం ఉంది. దాని పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. ఇక్కడ పోలీసు లెక్కతో పాటు ఇళ్లకు వెళ్లి, గత ఏడాది మీకు ఏమి జరిగింది అని అడిగే సర్వే ఉంది. మొదటిసారి 1982లో చేశారు, 1981లో జరిగిన వాటి గురించి అడిగారు. పోలీసు పుస్తకంలో ముప్పై లక్షల లోపు నేరాలుంటే, సర్వే అంచనా కోటీ పది లక్షల దాకా వచ్చింది.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. 2014 జనవరిలో ఇక్కడి గణాంకాల ప్రాధికార సంస్థ, పోలీసు లెక్కలకు ఉన్న జాతీయ గణాంకాల హోదాను తీసేసింది. ఆ ఏడాది నవంబరులో పోలీసు తనిఖీ సంస్థ, పోలీసులకు చెప్పిన నేరాల్లో 19 శాతం అసలు నమోదే కాలేదని తేల్చింది. శరీరంపై దాడుల్లో అయితే 33 శాతం. అందరూ భయపడి నమోదు సరిచేసుకున్నారు. దాంతో పోలీసు లెక్కలో హింస పెరుగుతూ పోయింది, సర్వేలో మాత్రం ఆ పెరుగుదల లేదు. పత్రికలు దేశం నాశనమైపోతోందని రాశాయి. పెరిగింది రాసుకోవడం, కొట్టుకోవడం కాదు.

శ్రావణి

అంటే సర్వే ఉంటే చీకటి సంఖ్య తెలిసిపోతుందన్న మాట!

లెస్టర్ లక్ష్మి

మా అమ్మాయి కూడా అలాగే రాసి మార్కులు పోగొట్టుకుంది. సర్వేకూ చీకటి ఉంది. చనిపోయినవాళ్లు జవాబు చెప్పలేరు కాబట్టి హత్యలు అందులో ఉండవు. ఇళ్లకు వెళ్లి అడుగుతారు కాబట్టి ఇల్లు లేనివాళ్లూ, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లూ రారు. అన్నిటికంటే విచిత్రం ఇది, మీ అంశానికి దగ్గరిది కూడా: ఏళ్ల తరబడి ఆ సర్వే ఆన్‌లైన్ మోసాల గురించి అడగనే లేదు. 2015 అక్టోబరులో ప్రయోగాత్మకంగా అడిగి అంచనా ప్రకటించారు. మామూలు నేరాలన్నీ కలిపి 65 లక్షలు ఉంటే, మోసాలు 51 లక్షలు, కంప్యూటర్ దుర్వినియోగం మరో 25 లక్షలు తేలాయి. నేరాలు తగ్గుతున్నాయని అంతకుముందు చెప్పుకున్న కాలంలో ఆ ప్రశ్నే లేదు. ప్రశ్న లేని చోట జవాబు సున్నా.

భారతి టీచరు

మన దేశంలో ఇలాంటి జాతీయ సర్వే ఏటా జరగడం లేదు. స్త్రీలపై హింస విషయంలో మాత్రం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కొంత చెబుతుంది. 2019–21 సర్వేలో, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవారు 14 శాతమే. అంతకుముందు 2015–16 సర్వేలోనూ 14 శాతమే. ఆ సాయం కోరడం కూడా ఎక్కువగా పుట్టింటివాళ్ల దగ్గర, పోలీసుల దగ్గర కాదు.

అయితే ఒక జాగ్రత్త, శ్రావణీ. దేశంలో లైంగిక దాడుల్లో 99 శాతం బయటికి రావు అనే మాట వ్యాసాల్లో తెగ తిరుగుతోంది. కుటుంబ సర్వేను పోలీసు లెక్కతో పోల్చి 2018లో ఒక ఆంగ్ల పత్రిక తీసిన అంచనా అది. సర్వేలో స్త్రీలు చెప్పిన వాటిలో పెద్ద భాగం భర్త చేసినవి. భార్య మీద భర్త చేసేదాన్ని మన చట్టం అత్యాచారం కింద లెక్కించదు. అది ఎఫ్‌ఐఆర్ కాకపోవడం స్టేషను తప్పూ కాదు, ఆ స్త్రీ మౌనమూ కాదు, చట్టం నిర్వచనం. ఇది చీకటి సంఖ్యేనా, కాదా? నేను క్లాసులో అడిగితే రెండు పక్షాలయ్యాయి, గంట కొట్టినా ఆగలేదు.

విజయ్_వైజాగ్

చట్టం నేరం అనకపోతే నేరం కాదు. లెక్కలో ఎందుకు వస్తుంది?

భారతి టీచరు

అలా అయితే చట్టం మారిన మర్నాడు దేశంలో నేరాలు ఒక్కసారిగా పెరిగాయని రాస్తారా?

విజయ్_వైజాగ్

దీనికి ఆలోచించుకుని వస్తాను.

గోపాలం

నా గురించి చర్చ మొదలై ఎక్కడికో వెళ్లింది గానీ, ఒక్క మాట. రాఘవ గారు ఎవరికైనా చెప్పడం రెండో మెట్టు అన్నారు. మా అమ్మ ఫోనులో లాటరీ తగిలిందని చెప్పి రెండు వేలు లాగారు. నా 18,500 పోయినప్పుడు నన్ను ఓదార్చడానికి చెప్పింది, అప్పటికి ఏడాది దాటింది. నేను తిడతానని దాచిందట. ఇప్పుడు ఫిర్యాదు చేద్దామంటే వద్దంటుంది, రెండు వేలకు స్టేషనుకు వెళ్లేదేమిటి అని. ఆవిడ ఏ లెక్కలో ఉన్నట్టు?

అంకెల రాఘవ

ఈ చర్చలో తప్ప ఏ లెక్కలోనూ లేరు. మనిషి ఇంటికి వచ్చి ఓపికగా అడిగితే సర్వేలో దొరుకుతారు, అది కూడా మీరు పక్కన లేనప్పుడు అడిగితే.

శ్రావణి

కేరళ గురించి ఒక ప్రశ్న. ఐపీసీ అమలులో ఉన్నప్పుడు ఆ కేసుల రేటులో కేరళ ఏటా పై వరసలో ఉండేది. అక్కడ కూడా ఇదే జరుగుతోందని చెప్పడానికి ఫిర్యాదుల లెక్క నా దగ్గర లేదు. ఎలా తెలుస్తుంది?

అంకెల రాఘవ

దాచడానికి వీలు లేని నేరాన్ని పక్కన పెట్టి చూడండి. 2022లో కేరళలో హత్యల రేటు లక్షకు ఒకటి లోపే, దేశం సగటు 2.1, జార్ఖండ్‌లో 4. మొత్తం కేసుల్లో పైన, హత్యల్లో కింద ఉన్న రాష్ట్రం కనిపిస్తే, అక్కడ జనం హింసాపరులని కాకుండా స్టేషను తలుపు తెరిచి ఉందని ముందు అనుమానించాలి. ఇది రుజువు కాదు, అనుమానించడానికి మంచి కారణం.

పాత రైటరు

హత్య దాగదు అని మరీ గట్టిగా అనకండి బాబూ. శవం దాగదు, అంతే. నూతిలో తేలిన కోడలిని అనుమానాస్పద మృతి కింద 174 సెక్షన్‌లో రాసి, కాలు జారి పడిందని మూసేసిన కాగితాలు చూశాను. పోస్టుమార్టం డాక్టరు గట్టివాడైతే తప్ప అది హత్య గడిలోకి రాదు.

అంకెల రాఘవ

మంచి దెబ్బ. ఒప్పుకుంటున్నాను. హత్యకు గుణకం ఒకటి కాదు, ఒకటికి దగ్గర.

శ్రావణి

నాలుగో పేజీ తిరగరాశాను. చూసి చెప్పండి:

"2022లో లక్ష మందికి నమోదైన సైబర్ కేసులు తెలంగాణలో ఆంధ్రప్రదేశ్ కంటే తొమ్మిది రెట్లు. 2023లో వచ్చిన ఆర్థిక మోసాల ఫిర్యాదుల్లో తేడా మూడు రెట్లే. సంవత్సరాలు, నేరాల పరిధి వేరు కాబట్టి ఈ రెండిటినీ భాగించి కచ్చితమైన శాతం తీయలేము. అయినా, తేడాలో కొంత భాగం మోసగాళ్ల వల్ల కాక నమోదు చేసే యంత్రాంగం వల్ల పుట్టిందని చెప్పడానికి ఇది చాలు. ప్రత్యేక సైబర్ స్టేషన్లు, ఇన్‌స్పెక్టరు స్థాయి దర్యాప్తు నిబంధన, మోసం సెక్షన్ కిందే కేసు కట్టడం అనే మూడు చోట్ల ఈ తేడా తయారు కావచ్చు. కాబట్టి 15,297 తెలంగాణలో జరిగిన నేరాల సంఖ్య కాదు, అక్కడి పోలీసు వ్యవస్థ చేసిన పని సంఖ్య."

చివరి వాక్యం చూసి మేడం, సోషియాలజిస్టులు కిట్సూస్, సికూరెల్ 1963లో చెప్పినది ఇదే అంటారని నా ఆశ. అధికారిక గణాంకాలు నేరస్థుల ప్రవర్తన కంటే వాటిని తయారుచేసే సంస్థల గురించి ఎక్కువ చెబుతాయన్నది వాళ్ల వాదన.

రహీం అడ్వకేటు

చివరి వాక్యం ఎక్కువైంది. పోలీసు పని మాత్రమే అనేస్తే గోపాలం గారి 18,500 కూడా కట్టుకథ అయిపోతుంది. నేరం లేనిదే ఆ పని పుట్టదు. "నేరాల సంఖ్య మాత్రమే కాదు" అని రాయండి.

శ్రావణి

సరిచేశాను. రైటరు గారూ, 420 గడి సంగతి పరీక్షించడానికి దారి ఉందా? ఆంధ్రప్రదేశ్ మోసం కేసులు ఆ ఏళ్లలో ఎలా పెరిగాయో చూస్తే సరిపోతుందా?

పాత రైటరు

చూడు, కానీ తొందరపడకు. ఆ గడిలో చిట్టీలు ఎగ్గొట్టినవాళ్లు, ఉద్యోగం ఇప్పిస్తానన్నవాళ్లు, ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మినవాళ్లు అందరూ ఉంటారు. ఫోను మోసం ఎంతో పట్టిక చూస్తే తెలియదు. ఒక స్టేషను ఎఫ్‌ఐఆర్‌లు ఒక ఏడాదివి తీసి, ఫిర్యాదు భాగం చదవాలి. రాష్ట్ర పోలీసుల వెబ్‌సైటులో చాలా ఎఫ్‌ఐఆర్‌లు దొరుకుతాయి, సున్నితమైనవి తప్ప. రెండు వందలు చదివితే నీకే తెలుస్తుంది.

శ్రావణి

గడువు శుక్రవారం. యాభై చదువుతాను.